రెండు నైట్ల కోసం ఒంటి గడియారాన్ని తిప్పొద్దు

ప్రశ్న: మాకు రెండు రోజులు ఫస్ట్ షిఫ్ట్ (6 నుంచి 2), రెండు రోజులు సెకండ్ (2 నుంచి 10), రెండు నైట్లు (10 నుంచి 6), తర్వాత రెండు రోజులు ఆఫ్. మొదటి నైట్‌లో 3 దాటితే కళ్లు నిలవవు, నాలుగు కాఫీలు తాగినా అంతే. పొద్దున వచ్చి పడుకుంటే మూడు గంటల నిద్రకే మెలకువ వచ్చేస్తుంది. రెండో నైట్ అయ్యాక సాయంత్రం దాకా పడుకుంటాను, ఆ రాత్రి నిద్ర రాదు, ఆఫ్ మొత్తం మత్తులోనే పోతుంది. నిద్ర, తిండి, కాఫీ, వెలుతురు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సమాధానం:

నేను ఒక ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో 21 ఏళ్లు షిఫ్టులు చేశాను, అందులో పదకొండేళ్లు అచ్చం మీ రోస్టరే. మొదటి ఐదారేళ్లు మీరు చేస్తున్న తప్పులన్నీ నేనూ చేశాను కాబట్టి సూటిగా చెప్తాను. మీకు నైట్లు రెండే. రెండు నైట్ల కోసం ఒంటిని రాత్రికి అలవాటు చేయాలని చూడకండి. అది కుదరదు, ఒకవేళ కాస్త కుదిరినా మీకే నష్టం.

ఎందుకంటే, మన మెదడులో కళ్ల నరాలు రెండూ కలుసుకునే చోటికి కాస్త పైన ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది, ఒంటికి గడియారం అదే. ఎప్పుడు ఒళ్లు వేడెక్కాలి, ఎప్పుడు చల్లబడాలి, ఎప్పుడు నిద్ర హార్మోన్ రావాలి అన్నది అది చూసుకుంటుంది. కళ్లలో పడే వెలుతురును బట్టి అది తన టైమ్ సరిచూసుకుంటుంది. కానీ దానికి తొందర లేదు. అన్నీ సరిగ్గా చేసినా రోజుకి సుమారు ఒక గంట జరుగుతుంది, అంతే. మీరు నైట్‌లో హాయిగా మెలకువగా ఉండి పగలు ఎనిమిది గంటలు నిద్రపోవాలంటే అది ఏడెనిమిది గంటలు జరగాలి. రెండు రోజుల్లో ఒకటో రెండో గంటలు జరిగేసరికి మీ నైట్లు అయిపోతాయి. ఆ తర్వాత ఫస్ట్ షిఫ్ట్ కోసం తెల్లవారుజామున 4:30కి లేవాల్సింది కూడా మీరే, అప్పుడు జరిగినదాన్నంతా మళ్లీ వెనక్కి లాగాలి. అందుకే గడియారాన్ని పగటి మీదే ఉండనిచ్చి, ఆ రెండు రాత్రుల్ని నిద్ర లెక్కతో దాటేయడమే మీలాంటి రోస్టర్‌కి సరైన దారి.

నిద్ర లెక్క అంటే ఇది. మీరు లేచిన క్షణం నుంచి మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. దాన్ని తీసేసేది నిద్ర ఒక్కటే. కాఫీ దాన్ని తీయదు, అడెనోసిన్ వచ్చి కూర్చోవాల్సిన కుర్చీల్లో ముందే వెళ్లి కూర్చుంటుంది. బయట జనం పెరుగుతూనే ఉంటారు. మీకు 3 దాటాక ఏం జరుగుతోందంటే, పొద్దున నుంచి పోగైన అడెనోసిన్ ఒక పక్క, గడియారం తన అడుగు మట్టానికి చేరడం ఇంకో పక్క, రెండూ ఒకేసారి మీద పడుతున్నాయి. రాత్రి 12కి పడుకుని 8కి లేచే మనిషికి ఒంటి వేడి బాగా తగ్గిపోయేది దాదాపు 5కి. 3 నుంచి 6 దాకా చురుకుదనం అట్టడుగున ఉంటుంది. గడియారాన్ని మీరు కదపలేరు. కాబట్టి ఆ సమయానికి అడెనోసిన్ తక్కువగా ఉండేలా చూసుకోవడమే మీ చేతిలో ఉంది, అంటే ముందే నిద్రపోవాలి.

మీ మొదటి నైట్ రోజు ఎలా గడుస్తుందో నేను ఊహించగలను. ముందు రోజు సెకండ్ షిఫ్ట్ 10కి అయ్యి, ఇంటికొచ్చి 12కి పడుకుని, 8కి లేచి, "ఇవాళ పగలంతా ఖాళీయే కదా" అని ఇంటి పనులన్నీ పెట్టుకుని, సాయంత్రం 7కి కాసేపు నడుం వాల్చి, నిద్ర రాక లేచి డ్యూటీకి వెళ్లిపోతారు. ఇలా అయితే తెల్లవారుజామున 5కి మీరు 21 గంటలుగా మెలకువగా ఉన్నట్టు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంతో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. 24 గంటలు అయ్యేసరికి అది 0.10 శాతానికి సమానం. మీరు ఈ రెండింటికీ మధ్యలో కూర్చుని మీటర్లు చూస్తున్నారన్నమాట.

నాకిది ఎలా అర్థమైందో చెప్తాను. ఒక మొదటి నైట్‌లో 4:40కి రీడింగులు రాశాను. చక్కటి చేతిరాతతో, అన్ని గడులూ నింపి, సంతకం కూడా పెట్టాను. పొద్దున రిలీవర్ వచ్చి లాగ్‌బుక్ చూసి, ఈ పంపు ప్రెషర్ ఇంత ఎలా ఉంటుంది, ఇది పక్క లైన్‌ది కదా అన్నాడు. నేను వరుసగా రెండు గంటలు పక్క గేజ్ చూసి రాశాను. ఆ రోజు ఏ నష్టమూ జరగలేదు గానీ, నన్ను భయపెట్టింది వేరే సంగతి: అది రాస్తున్నప్పుడు నాకు నిద్ర వస్తున్నట్టే అనిపించలేదు. బాగానే ఉన్నాననుకున్నాను. ఆ టైమ్‌లో మనిషికి తన పరిస్థితి తనకే తెలియదు. అందుకే "నాకు బాగానే ఉంది" అన్న మాటని 3 దాటాక నేను ఎవరి దగ్గరా నమ్మను, నా దగ్గర అసలే నమ్మను.

ఇక ప్లాన్. మొదటి నైట్ రోజు పొద్దున అలారం పెట్టకండి, 8:30కో 9కో దానంతటదే మెలకువ వచ్చేదాకా పడుకోండి. కాఫీ తాగాలంటే లేచిన వెంటనే ఒకటి, 10 లోపు, మళ్లీ డ్యూటీ దాకా లేదు. మధ్యాహ్నం 2:30కి గది చీకటి చేసుకుని పడుకోండి, 4కి అలారం. ఈ గంటన్నరే మొత్తం ప్లాన్‌కి వెన్నెముక. సాయంత్రం 7కి ఎందుకు వద్దంటున్నానంటే, మామూలుగా పడుకునే టైమ్‌కి ముందున్న రెండు మూడు గంటలు గడియారం మనల్ని గట్టిగా మేలుకొలిపి ఉంచుతుంది. రాత్రి 12కి పడుకునే మీకు 9, 10 గంటల ప్రాంతం నిద్రకి అసలు పనికిరాదు, 7 కూడా అంత మంచిది కాదు. మధ్యాహ్నం 1 నుంచి 4 లోపు ఒంట్లో సహజంగానే ఒక చిన్న తూగు వస్తుంది, అది భోజనం వల్ల మాత్రమే కాదు, తినకపోయినా వస్తుంది. ఆ తూగు మీద ఎక్కితే నిద్ర తేలిగ్గా పడుతుంది. నిద్ర పట్టకపోయినా లేవకండి, కళ్లు మూసుకుని గంటన్నరా పడుకోండి. మొదటి రెండు మూడు సార్లు నాకూ పట్టలేదు, తర్వాత ఒళ్లు నేర్చుకుంది. గంటన్నర ఎందుకంటే గాఢ నిద్ర ఒక చుట్టు పూర్తయి తేలికైన నిద్రలోకి వచ్చేసరికి దాదాపు అంత పడుతుంది. గంటకి లేపితే చాలామంది తల బరువుతో లేస్తారు.

4కి లేస్తే, తెల్లవారుజామున 5కి మీరు మెలకువగా ఉన్నది 13 గంటలే. పాత లెక్కలో 21. మధ్యాహ్నం నిద్ర గంటన్నరే కాబట్టి రాత్రంతా నిద్రపోయి లేచినంత తాజాగా ఉండరు, నిజమే. అయినా ఆ తేడాని మించిన తేడా ఏ కాఫీ తేలేదు.

కాఫీ సంగతికి వద్దాం, ఎందుకంటే మీ మూడు గంటల నిద్రకి సగం కారణం అక్కడే ఉందని నా అనుమానం. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికి పెద్దవాళ్లకి సగటున 5 గంటలు పడుతుంది. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది. పొగ తాగేవాళ్లకి తొందరగా పోతుంది, గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి చాలా నెమ్మదిగా పోతుంది. ఒక కప్పు కాఫీలో సుమారు 80 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మీ నాలుగు కాఫీలు 10:30, 12:30, 2:30, 4:30కి అనుకుందాం, పొద్దున 7:30కి మీరు పడుకుంటారు. అప్పటికి మొదటి కప్పులో 23 మిగిలి ఉంటుంది, రెండోదాంట్లో 30, మూడోదాంట్లో 40, చివరిదాంట్లో 53. మొత్తం 146 మిల్లీగ్రాములు. అంటే దాదాపు రెండు కప్పుల కాఫీ ఒకేసారి తాగి దిండు మీద తల పెట్టినట్టు. అలిసిపోయి ఉంటారు కాబట్టి నిద్ర పడుతుంది, అందుకే "నాకు కాఫీ ఏం చేయదు, తాగినా పడుకుంటాను" అంటారు చాలామంది. నిద్ర పట్టడం వేరు, నిలవడం వేరు. మూడు గంటల్లో అడెనోసిన్ కాస్త తగ్గగానే, మిగిలిన కెఫీనూ పగటి గడియారమూ కలిసి లేపేస్తాయి.

నా పద్ధతి రెండు కప్పులే. మొదటిది రాత్రి 11కి, రెండోది 1:45కి, ఆ తర్వాత లేదు. పై లెక్కే వేస్తే 7:30కి మిగిలేది 61. సున్నా కాదు, కానీ 146 కాదు. ఎనర్జీ డ్రింకులు, కోలాలు, కొన్ని తలనొప్పి మాత్రలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, డబ్బా మీద చూసుకోండి. టీలో కాఫీలో సగం దాకా ఉంటుంది, కాబట్టి టీ మనుషులైతే మూడు తాగొచ్చు, ఆపే టైమ్ మాత్రం అదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాములు పైహద్దు అంటారు, అది మొత్తం ఆరోగ్యం కోసం చెప్పే హద్దు, పగటి నిద్ర క్షేమం కోసం చెప్పింది కాదు. గర్భిణులకైతే 200.

1:45 అని అంత కచ్చితంగా ఎందుకంటే, మీ బ్రేక్‌ని 1:45కి పెట్టుకోగలిగితే ఆ కప్పు గబగబా తాగేసి వెంటనే 20 నిమిషాలు కన్ను మూయండి. కెఫీన్ పని మొదలుపెట్టడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, అది వచ్చేలోపు మీరు చిన్న కునుకు తీసి లేస్తారు, రెండూ ఒకేసారి అందుతాయి. 20కి మించొద్దు. 40, 50 నిమిషాలు పోతే గాఢ నిద్ర మధ్యలో లేవాల్సి వస్తుంది, ఆ మత్తు ఆ వేళలో అరగంట దాకా వదలదు. లేచాక పది పదిహేను నిమిషాలు ముఖ్యమైన నిర్ణయాలు, వాల్వులు తిప్పడాలు పెట్టుకోవద్దు. డ్యూటీలో కునుకుకి మీ దగ్గర ఒప్పుకోరంటే దొంగతనంగా తీయకండి, దానికన్నా కునుకు మానేయడం మంచిది, ఎందుకంటే దొంగ కునుకుకి అలారం ఉండదు, చూసుకునే పక్క మనిషీ ఉండడు. ఒప్పుకునే చోట మాత్రం పక్కవాడికి చెప్పి, వంతులు వేసుకుని తీయండి.

3 నుంచి 5 మధ్యకి నేను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. రాసే పని, లెక్కల పని 3 లోపు అయిపోవాలి. ఆ తర్వాత నడిచే పని, రౌండ్లు, ఇద్దరు కలిసి చేసే పని. రీడింగ్ రాసేటప్పుడు గేజ్ నంబర్ పైకి చదివి రాయడం ఆ లాగ్‌బుక్ సంఘటన తర్వాత మొదలుపెట్టాను. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనివ్వండి.

తిండి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఒక్క మాట తప్ప: అర్ధరాత్రి నుంచి 6 దాకా పొట్ట నిండా తినొద్దు. గడియారం రాత్రి అనుకుంటున్నప్పుడు ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, అదే భోజనం పగలు తిన్నప్పటికన్నా రాత్రి 2కి తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, పొట్ట కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తిన్న గంటకి తూగు, తెల్లారేసరికి గుండెల్లో మంట. అసలు భోజనం 7:30కి ఇంట్లోనే చేసేయండి. 12 లోపు ఆకలేస్తే ఒక గుడ్డో, పెరుగో, పండో, గుప్పెడు గింజలో. 4కి తీపి మీద మనసు లాగుతుంది, అది ఆకలి కాదు, నిద్ర. నీళ్లు తాగి నాలుగడుగులు వేయండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం నా మాట విని భోజనం టైములు మార్చకండి, నైట్ రోజుల డోసు డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక, పడుకునే ముందు, ఏదైనా తేలిగ్గా తినండి. ఖాళీ కడుపుతో పడుకుంటే 11కి ఆకలే లేపుతుంది. నీళ్లు మాత్రం చివరి రెండు గంటలు తగ్గించండి.

ఇంటికి వెళ్లే దారి గురించి. 6కి దిగి బండి నడిపేవాళ్లైతే ఇది మొత్తం సమాధానంలో అతి ముఖ్యమైన భాగం. రాత్రంతా మెలకువ, గడియారం ఇంకా అడుగునే, పైగా పని అయిపోయిందన్న వదులు. దారిలో గత రెండు కిలోమీటర్లు ఎలా వచ్చానో గుర్తు లేకపోయినా, తిరగాల్సిన మలుపు దాటేసినా, బండి గీత మీదికి వెళ్తున్నా, తల ఒక్కసారి జారి ఉలిక్కిపడినా, అప్పటికే మీరు రెండు మూడు సెకన్లు నిద్రపోయి ఉండొచ్చు. అద్దం దించడం, పాటలు గట్టిగా పెట్టడం పని చేయవు, చేస్తున్నట్టు అనిపిస్తాయంతే. బండి పక్కకి పెట్టి 20 నిమిషాలు పడుకోండి. అసలు మంచిది బయల్దేరక ముందే ఆ 20 నిమిషాలు డ్యూటీ చోటే పడుకోవడం. ఆ పూట పగటి నిద్ర కాస్త చెడితే చెడనివ్వండి. బస్సుంటే బస్సు.

వెలుతురు గురించి చాలామంది సగం తెలిసి సలహా ఇస్తారు. నైట్ నుంచి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటారు. దాని వెనక విషయం ఇది: ఒంటి వేడి అడుగు మట్టానికి చేరకముందు, అంటే మీకు 5 లోపు, పడే వెలుతురు గడియారాన్ని ఆలస్యం వైపు తోస్తుంది. అది దాటాక పడే పొద్దుటి వెలుతురు ముందుకి లాగుతుంది. వరుసగా ఐదారు నైట్లు చేసేవాళ్లు గడియారాన్ని ఆలస్యం వైపు తోసుకోవాలి కాబట్టి పొద్దుటి వెలుతురుని అడ్డుకోవడానికి వాళ్లకి ఆ కళ్లద్దాలు పనికొస్తాయి. మీకు గడియారం కదలకూడదు. రాత్రి డ్యూటీలో లైట్లు కాస్త ఆలస్యం వైపు తోస్తే, పొద్దున దారిలో వెలుతురు దాన్ని కొంత మళ్లీ దాని చోటికి లాగుతుంది, మీకు కావాల్సింది అదే. పైగా నిద్ర కళ్లతో బండి నడుపుతూ నల్ల అద్దాలు పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. కాబట్టి కళ్లద్దాలు వదిలేయండి. డ్యూటీలో మొదటి సగం లైట్లు బాగా వేసుకోండి, చురుకుదనానికి మంచిది. 3 తర్వాత పనికి కావాల్సినంత వెలుతురు చాలు. పని చోట వెలుతురు తగ్గించి ప్రమాదం తెచ్చుకోమని కాదు, ఖాళీగా కూర్చున్నప్పుడు ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూడొద్దని.

పడకగది మాత్రం నల్లగా ఉండాలి. పరీక్ష ఒకటే: పగలు తలుపు మూశాక చేయి ముందుకి చాపితే వేళ్లు స్పష్టంగా కనబడకూడదు. మందపాటి పరదా లేకపోతే కళ్లకి గంతలు, అదీ లేకపోతే కిటికీ అద్దానికి నల్ల కాగితం. చెవుల్లో దూదో ఇయర్‌ప్లగ్గులో, గది చల్లగా. ఫోన్ వేరే గదిలో. ఇంట్లోవాళ్లకి "నైట్ చేసి వచ్చాను, పడుకుంటాను" అంటే అర్థం కాదు. తలుపు మీద కాగితం అంటించి "7:30 నుంచి 12:30 వరకు లేపొద్దు" అని టైమ్ రాస్తే అర్థమవుతుంది. నా అనుభవంలో మాటకన్నా అంకెకి విలువెక్కువ.

వచ్చాక ఆలస్యం చేయకుండా పడుకోండి. పొద్దున 9కల్లా గడియారం ఒంటిని బాగా వేడెక్కిస్తూ ఉంటుంది, మీరు టిఫిన్, టీవీ, స్నానం, బ్యాంకు పని అంటూ 10కి పడుకుంటే ఎంత అలిసిపోయినా తక్కువే పడుకుంటారు. 7:30కి పడుకుంటే 12, 12:30 దాకా ఒక అయిదు గంటలు రావాలి. అంతకుమించి రాకపోతే బాధపడకండి, గడియారం పగటి మీద ఉన్న మనిషికి పగటి నిద్ర అంతే. దాన్ని ఎనిమిది చేయాలని మంచం మీద కుస్తీ పట్టడం దండగ. మిగిలింది రెండో ముక్కగా తీసుకోండి: సాయంత్రం 5 నుంచి 6:30. అప్పటికి నిద్ర బాకీ ఉంటుంది కాబట్టి ఆ టైమ్‌లో కూడా పడుతుంది. 5 ఒకటిన్నర కలిపితే ఆరున్నర గంటలు, రెండో నైట్‌కి అది చాలు.

మూడు గంటలకే మెలకువ వస్తే ముందు కారణం కనిపెట్టండి, నాలుగైదు సార్లు కాగితం మీద రాసుకుంటే తెలిసిపోతుంది. లేచినప్పుడు బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తే అది నీళ్లు, కాఫీల పని. కడుపు కాలుతుంటే ఆకలి. చెమట పట్టి ఉంటే గది వేడి. తలుపు చప్పుడో, హారనో గుర్తుంటే శబ్దం. ఇవేవీ కాకుండా కళ్లు బాగా తెరుచుకుని, ఒళ్లు అలిసినా మెదడు గిరగిరా తిరుగుతుంటే అది చివరి కాఫీ. ముందు దాన్ని 1:45కి జరిపి రెండు రొటేషన్లు చూడండి. మెలకువ వచ్చాక టైమ్ చూడొద్దు, ఒక ఇరవై ముప్పై నిమిషాలు అలాగే పడుకోండి. రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చోండి, మళ్లీ కళ్లు బరువెక్కితే పడుకోండి, లేకపోతే సాయంత్రం ముక్క ఉంది. నిద్ర కోసమని మందు తాగేవాళ్లని చాలామందిని చూశాను, తొందరగా పడుతుంది, రెండో సగం ముక్కలైపోతుంది, అదీ మీ సమస్యే కదా. నిద్ర మాత్రలు, మెలటోనిన్ డాక్టర్‌ని అడగకుండా వద్దు. మెలటోనిన్‌ని అందరూ నిద్రమాత్ర అనుకుంటారు గానీ అది గడియారాన్ని కదిలించే మందు కూడా, తప్పు టైమ్‌లో వేసుకుంటే తప్పు వైపు కదులుతుంది.

ఇప్పుడు మీ అసలు నొప్పి, రెండో నైట్ తర్వాతి రోజు. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. మొదటి నైట్ తర్వాత ఎంత నిద్ర వస్తే అంత మంచిది. రెండో నైట్ తర్వాత తక్కువ పడుకోవాలి, కావాలనే. ఎందుకంటే ఇప్పుడు మీకు కావాల్సింది ఆ రాత్రి నిద్ర, దానికి అడెనోసిన్ పోగవ్వాలి. సాయంత్రం దాకా పడుకుంటే పోగైనదంతా పగలే ఖర్చు పెట్టేసినట్టు, ఇక రాత్రి 10కి ఏం మిగులుతుంది?

7:30కి పడుకుని 11కి అలారం పెట్టండి. మూడున్నర గంటలు. లేచినప్పుడు ప్రపంచం మీద కోపం వస్తుంది, అది మామూలే, అరగంటలో పోతుంది. అలారం గది అవతల పెట్టండి, లేకపోతే ఆపేసి పడుకుంటారు, నేను ఎన్నోసార్లు పడుకున్నాను. లేవగానే బయటికి, ఎండ వెలుతురులోకి, కనీసం అరగంట. మధ్యాహ్నం ఇంట్లో కూర్చోకండి, చిన్న చిన్న పనులు పెట్టుకోండి, కానీ బండి దూరం నడపడం, డబ్బు నిర్ణయాలు, ఇంట్లో పెద్ద గొడవలు ఆ రోజు పెట్టుకోవద్దు. కాఫీ 12 లోపు ఒకటి. 3 దాటాక కన్ను మూసుకుపోతుంటే 20 నిమిషాల కునుకు పర్వాలేదు, 5 తర్వాత అది కూడా వద్దు. సాయంత్రం సోఫాలో కూర్చుని టీవీ చూడటమే పెద్ద ఉచ్చు, 7:30కి తెలియకుండా నిద్రపోయి 9:30కి లేస్తారు, ఇక ఆ రాత్రి పోయినట్టే. ఆ టైమ్‌లో నిలబడి చేసే పని పెట్టుకోండి. నేను గిన్నెలు కడిగేవాణ్ణి, ఇంట్లో మంచి పేరు కూడా వచ్చింది. 10కి మంచం. ఆ రాత్రి తొమ్మిది గంటలు కూడా నిద్ర రావచ్చు, రానివ్వండి.

మరునాడు 7కి లేవండి, అంతకు మించి సాగదీయకండి, పొద్దుటి వెలుతురులో నడవండి. ఈ రోజు వెలుతురు మీకు రెండింతలు పని చేస్తుంది, ఎందుకంటే ఆ మర్నాడు 4:30కి లేవాలి కాబట్టి గడియారం కాస్త ముందుకి జరగాలి, పొద్దుటి ఎండ సరిగ్గా అటే లాగుతుంది. ఆ రాత్రి 9 నుంచి లైట్లు తగ్గించి 9:30కి పడుకోండి. ఏడు గంటలు రాకపోయినా ఆరు వస్తాయి. కాగితం మీద రెండు రోజులు ఆఫ్ అంటారు గానీ మొదటిది నైట్ బాకీ తీర్చడానికే పోతుంది, నిజంగా మీది ఒక్క రోజే. పెళ్లిళ్లు, ప్రయాణాలు ఆ రెండో రోజుకే పెట్టుకోండి, తిరిగి రావడం మాత్రం సాయంత్రంలోపు.

ఒకటి గమనించారా, మీ రోస్టర్ ఫస్ట్, సెకండ్, నైట్ అని ముందుకి తిరుగుతోంది. మన గడియారానికి సహజంగా 24 గంటలకన్నా కాస్త ఎక్కువ చుట్టు ఉంటుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. కొన్ని చోట్ల నైట్, సెకండ్, ఫస్ట్ అని వెనక్కి తిప్పుతారు, మధ్యలో 8 గంటలే విరామం వస్తుంది, అది చేసినవాళ్లని అడగండి. మీ దగ్గర ఎవరైనా రోస్టర్ మార్చాలని ప్రతిపాదిస్తే ఈ సంగతి గుర్తుంచుకుని గొంతెత్తండి. ఎప్పుడైనా షట్‌డౌన్ వచ్చి ఐదారు నైట్లు వరుసగా పడితే నేను చెప్పిన ఈ ప్లాన్ పనికిరాదు. అప్పుడు గడియారాన్ని రోజూ కొంచెం ఆలస్యం వైపు జరుపుకుంటూ వెళ్లాలి, కాబట్టి ఆ నల్ల కళ్లద్దాలు అప్పుడు పెట్టుకోండి, అవీ బండి మీరు నడపనప్పుడే.

ఈ ప్లాన్ మూడు పూర్తి రొటేషన్లు చేసి చూడండి, అంటే 24 రోజులు. ప్రతి నైట్‌కీ మూడే ముక్కలు రాసుకోండి: ముందు ఎంత నిద్రపోయారు, చివరి కాఫీ ఎప్పుడు, పొద్దున ఎన్ని గంటలు నిద్ర నిలిచింది. మూడో రొటేషన్‌కి కూడా పగటి నిద్ర నాలుగు గంటలు దాటకపోతే, లేదా ఆఫ్ రోజుల్లో రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతూనే ఉంటే, గురక గట్టిగా వస్తుందని, మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్తుంటే, అది షిఫ్ట్ సమస్య మాత్రమే కాదు, ఆ కాగితం తీసుకుని నిద్ర డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూర్ఛ, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్లకి నిద్ర కోతే జబ్బుని రేపుతుంది, వాళ్లు ఇలాంటి ప్లాన్లు వేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, నైట్ మినహాయింపు అడగడానికి మొహమాటపడకూడదు.

మొదట ఒక్కటే మార్చగలనంటే మధ్యాహ్నం 2:30 నిద్ర మొదలుపెట్టండి. రెండోది చివరి కాఫీ. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. మూడు రొటేషన్లు అయ్యాక ఆ మూడు అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.